ప్రొఫెసర్‌కు ఏడు వాక్యాలు

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, "మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయాలన్నది నా చిన్ననాటి కల" అంటూ రెండు పేజీలు సాగే మెయిళ్లు మన పిల్లలు అమెరికా ప్రొఫెసర్లకు పంపుతూనే ఉంటారు. చాలావాటికి జవాబు రాదు. మార్కులు తక్కువని కాదు. పైన పేరు మారిస్తే ఆ మెయిల్ ఎవరికైనా సరిపోతుంది, ఆ సంగతి చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఆ ప్రొఫెసర్ మహిళ అయితే "సర్" దగ్గరే కథ ముగుస్తుంది.

హైదరాబాద్‌లో ఎం.టెక్ చదువుతున్న నల్గొండ అమ్మాయి ఒకరున్నారనుకుందాం. యాక్టివేటెడ్ అల్యూమినాతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసేయడం ఆమె ప్రాజెక్టు. ల్యాబ్‌లో స్వచ్ఛమైన నీళ్లకు ఫ్లోరైడ్ కలిపి పోసినంతకాలం అల్యూమినా బాగానే పనిచేసింది. ఊరి బోరు నీళ్లు పోసేసరికి త్వరగా చతికిలబడింది. ఆ నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ. అది ఫ్లోరైడ్‌కు పోటీగా వస్తుంది, అల్యూమినా పనికి అడ్డుపడుతుంది. ఆమె చేతిలో ఉన్న అసలు సరుకు ఇదే.

ముందు ఎవరికి రాయాలో తేల్చుకోవాలి. ప్రొఫెసర్ ల్యాబ్ వెబ్‌సైట్‌లో చేరదలచిన విద్యార్థుల కోసం తరచూ ఒక పేజీ ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌లో ఫలానా మాట పెట్టమని కొందరు, మెయిల్ వద్దు నేరుగా అప్లై చేయమని కొందరు అందులో రాస్తారు. అది చదవలేదని తెలిస్తే మిగతాది వాళ్లు చదవరు. ఆ తర్వాత చూడాల్సింది డబ్బు. అమెరికాలో పీహెచ్‌డీ విద్యార్థి జీతం తరచూ ప్రొఫెసర్‌కు వచ్చే గ్రాంటు నుంచి వస్తుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఆ సంస్థ ఇచ్చిన గ్రాంట్లు, అవి మొదలై ముగిసే తేదీలు ఎవరికైనా కనిపిస్తాయి. ఈమధ్యే మొదలైన గ్రాంటు ఉన్నచోట మనిషి అవసరం ఉండే అవకాశం ఎక్కువ.

ఇక మెయిల్. సబ్జెక్ట్ లైన్‌లో ఏ ఏడాది, ఏ పని అన్నది ఉంటే చాలు. "డియర్ ప్రొఫెసర్" అని ఇంటిపేరు రాశాక, ఆమె ఇంగ్లిష్‌లో రాసే విషయం తెలుగులో ఇలా ఉంటుంది:

"నేను హైదరాబాద్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ రెండో ఏడాది చదువుతున్నాను. నల్గొండ జిల్లాలోని ఆరు బోర్ల నీళ్లతో యాక్టివేటెడ్ అల్యూమినాను పరీక్షించాను. ల్యాబ్‌లో తయారుచేసిన నీళ్లకంటే బోరు నీళ్లలో దాని సామర్థ్యం త్వరగా పడిపోయింది, బైకార్బనేట్ కారణమని మా కొలతలు సూచిస్తున్నాయి. నిరుడు మీరు ప్రచురించిన పేపర్‌లోని కొత్త పదార్థాన్ని ల్యాబ్ నీళ్లతో పరీక్షించారు. బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్లలో అది ఎలా నిలుస్తుందో చూడాలని నా కోరిక. వచ్చే ఫాల్‌కు మీరు కొత్త పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకుంటున్నారా? సీవీ జత చేశాను."

ఇంతే, ఏడు వాక్యాలు. అడిగింది ఒక్కటే ప్రశ్న, దానికి అవునో కాదో ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. "నాకు తగిన టాపిక్ సూచించండి" అని అడిగితే జవాబుకు గంట పడుతుంది, అందుకే రాదు. పేపర్ గురించి రాసిన వాక్యం మాత్రం నిజంగా చదివే రాయాలి. సారాంశం మాత్రమే చూసి రాస్తే తర్వాతి జూమ్ కాల్‌లో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఒకే మెయిల్‌ను పదిమందికి కాపీ చేసే తొందరలో పాత పేరు మిగిలిపోవడం మరో మామూలు ప్రమాదం.

ఫాల్ పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు చాలాచోట్ల డిసెంబరులో ఉంటుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలలు రాయడానికి మంచివి. రెండు వారాలు చూసి, అదే మెయిల్ కిందే రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తుచేయొచ్చు. అప్పటికీ జవాబు రాకపోతే మరొకరికి రాయడమే మంచిది.

వచ్చిన జవాబును సరిగ్గా చదవడం కూడా తెలియాలి. అమెరికాలో చాలా విభాగాల్లో సీటు ఇచ్చేది కమిటీ, ఒక్క ప్రొఫెసర్ కాదు. "తప్పక అప్లై చేయండి" అని మాత్రమే వస్తే అది మర్యాద కావచ్చు. అప్లై చేసి, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఆ ప్రొఫెసర్ పేరు రాయాలి, ఆశ మాత్రం అక్కడే కట్టేసుకోకూడదు. మార్కుల జాబితా అడిగినా, మాట్లాడటానికి సమయం అడిగినా ఆసక్తి నిజమైనదే. "ఆ ఆరు బోర్లలో బైకార్బనేట్ ఎంత వచ్చింది?" అని ప్రశ్న వస్తే ఇంకా మంచిది. అంటే పరిశోధన మీద మాట అప్పుడే మొదలైనట్టు.