బూత్ లెక్క మాత్రం వదలొద్దు

తమ్ముడూ,

కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో ఏవి చదివితే గట్టెక్కుతామని అడిగావు. పాత పేపర్లు పక్కపక్కన పెట్టి చూడు. అడ్రసింగ్ మోడ్స్, క్యాష్ మ్యాపింగ్, పైప్‌లైన్ హజార్డ్స్, బూత్ గుణకారం ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మొదటి మూడింటినీ థియరీతో కొంతవరకు నెట్టుకురావచ్చు. బూత్‌లో ఆ ఆటలు సాగవు. అంకెలు మార్చి ఇస్తారు, చేసి చూపించాల్సిందే. దిద్దేవాళ్లకూ హాయి, స్టెప్పుకింత అని మార్కులు వేయొచ్చు.

ఈ పద్ధతిని 1950 ప్రాంతంలో లండన్‌లోని బర్క్‌బెక్ కాలేజీలో ఆండ్రూ బూత్ కనిపెట్టాడు. కిటుకు చిన్నదే. 14ని బైనరీలో 01110 అని రాస్తాం. మూడు ఒకట్లకు మూడుసార్లు కూడే బదులు, 14 అంటే 16లోంచి 2 తీసేయడమే కదా అన్నాడు. అందుకే కుడినుంచి చూస్తూ ఒకట్ల వరస మొదలైన చోట (10) తీసేస్తాం, ముగిసిన చోట (01) కూడతాం. 00, 11 వస్తే జరపడమే. గుణకం నెగెటివ్ అయినా ఇదే దారి.

7ని -3తో గుణించి చూద్దాం. నాలుగు బిట్లలో 7 అంటే 0111, -7 అంటే 1001, -3 అంటే 1101. అక్యుములేటర్‌లో 0000, దాని పక్కన 1101, చివర అదనపు బిట్ 0 పెట్టుకో.

మొదట 10 కనిపిస్తుంది. 7 తీసేస్తే 1001, కుడికి జరిపితే 1100 1110, అదనపు బిట్ 1. ఇప్పుడు 01. 7 కూడితే 0011 (బయటికొచ్చిన క్యారీ వదిలెయ్), జరిపితే 0001 1111, అదనపు బిట్ 0. మళ్లీ 10. తీసేస్తే 1010, జరిపితే 1101 0111, అదనపు బిట్ 1. చివర 11, జరపడమే: 1110 1011. దీని టూస్ కాంప్లిమెంట్ 00010101, అంటే 21. కాబట్టి జవాబు -21.

చాలామంది బోల్తా పడేది జరపడంలోనే. 1001ని జరిపినప్పుడు ఎడమ చివర సున్నా పెట్టేస్తారు. ఉన్న సైన్ బిట్‌నే మళ్లీ రాయాలి. రెండోది బిట్ల సంఖ్య. నాలుగు బిట్లలో -8 నుంచి 7 వరకే పడతాయి. మోరిస్ మానో పుస్తకంలో -9, -13 లెక్కను అయిదు బిట్లతో చేసింది అందుకే. ఆ లెక్కను బట్టీపట్టి వెళ్లి, పేపర్లో వేరే అంకెలు చూసి బిక్కమొహం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

జవాబు వచ్చాక మామూలు గుణకారంతో సరిచూసుకో. తేడా వస్తే ముందు షిఫ్టులే వెతుకు.

ఇట్లు,
మీ సీనియర్ అన్న