రోజులు ముందు, డబ్బు తర్వాత

"ఎక్కడికైనా వెళ్దాం" అనుకున్నాక ముందు తేల్చాల్సింది రోజులు. హైదరాబాద్‌లో నలుగురున్న కుటుంబం, డిసెంబరులో నాలుగు రోజుల సెలవు, చేతిలో పాతిక వేలు అనుకుందాం. ఊటీ అంటే రానూపోనూ రెండు రోజులు దారికే పోతాయి, కొట్టేయండి. అరకుకైతే రాత్రి రైల్లో విశాఖ, పొద్దున్నే కొండలెక్కే రైలు, దారిలో బొర్రా గుహలు. రాత్రి బండి ఆలస్యమైతే ఆ పొద్దుటి రైలు తప్పిపోతుంది, అదొక్కటే బెంగ. హంపీకి రాత్రి బస్సెక్కితే పొద్దున హొసపేటలో దిగొచ్చు. ఇక డబ్బు: టికెట్లూ గదీ పోను తిండికీ ఆటోలకూ సుమారు మూడో వంతు మిగలాలి. పిల్లలు చలి, గుహలు అంటే అరకు; పెద్దలు శిల్పాలంటే హంపీ. గదీ బెర్తులూ ఖాయమయ్యేదాకా రెండో పేరును మాత్రం కొట్టేయకండి.