అప్లై చేసిన ఉద్యోగం ఎక్కడిదాకా వచ్చింది?

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల ఇన్‌బాక్స్‌లో నౌకరీ, లింక్డ్‌ఇన్ పంపే ప్రకటనలే ఎక్కువ. వాటి నడుమ కంపెనీల సాఫ్ట్‌వేర్ దానంతటదే పంపే రసీదులుంటాయి. ఇంకా లోపలెక్కడో, రేపు మధ్యాహ్నం ఖాళీయేనా అని హెచ్ఆర్ అడిగిన మెయిల్ ఉంటుంది. అది రెండు రోజులు ఆలస్యంగా కంటపడితే ఆ చోటు ఇంకొకరిది అయిపోవచ్చు. అందుకే చాలామంది జీమెయిల్‌లో అప్లై, ఇంటర్వ్యూ, ఆఫర్, తిరస్కరణ అని లేబుళ్లు పెట్టుకుని, వచ్చిన మెయిల్ దానంతటదే తన చోటికి వెళ్లేలా ఫిల్టర్లు రాసుకుంటున్నారు. మంచి పనే. అయితే ఫిల్టర్ మాటలనే చూస్తుంది, వాటి అర్థం దానికి పట్టదు. తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

దరఖాస్తు అందిందని చెప్పే మెయిల్, మిమ్మల్ని తీసుకోవడం లేదని చెప్పే మెయిల్ తరచూ ఒకేలా మొదలవుతాయి. రెండింటికీ పైన ఉండేది అప్లై చేసినందుకు కృతజ్ఞతలే. అసలు కబురు రెండో పేరాలో ఉంటుంది. సబ్జెక్టు చూసి లేబుల్ వేస్తే తిరస్కరణలన్నీ 'అప్లై' కిందికి చేరి, ముగిసిపోయిన దరఖాస్తు కోసం వారాల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటాం. కాబట్టి ముందు వెతకాల్సింది తిరస్కరణ మాటల్ని. పైగా జీమెయిల్‌లో ఫిల్టర్లకు వరుస లేదు. సరిపోయిన ప్రతి ఫిల్టరూ పనిచేస్తుంది, ఒకే మెయిల్‌కు రెండు లేబుళ్లు పడతాయి. అందువల్ల 'అప్లై' ఫిల్టర్‌లోనే ఏ మాటలుంటే వద్దో మైనస్ గుర్తుతో చెప్పాలి:

```
"thank you for applying" -unfortunately -regret -"other candidates"
```

ఇలా రాసినా పూర్తి భరోసా లేదు. దరఖాస్తులు ఎక్కువ వచ్చాయి, అందరికీ విడివిడిగా జవాబివ్వలేం అని రసీదులోనే రాసే కంపెనీలున్నాయి. ఆ వాక్యంలో unfortunately ఉంటే ఈ ఫిల్టర్ దాన్ని వదిలేస్తుంది. అదే మాటను పట్టుకునే తిరస్కరణ ఫిల్టర్ ఉంటే అది లాక్కుపోతుంది. అందుకని తిరస్కరణ లేబుల్ పడ్డ మెయిల్‌ను ఇన్‌బాక్స్ నుంచి తప్పించకుండా, కంటితో చూశాకే తీసేయడం మేలు.

ఇంటర్వ్యూ అనే మాటనూ నమ్మలేం. ఎంపికైతే ఇంటర్వ్యూకు పిలుస్తామని రసీదులోనూ రాస్తారు. అంతకంటే గట్టి ఆనవాలు క్యాలెండర్ ఆహ్వానం. దానికి ics అనే చిన్న ఫైలు జోడించి ఉంటుంది:

```
filename:ics
```

వాయిదా వేసినా, రద్దు చేసినా ఇలాంటి ఫైలే వస్తుంది. కాబట్టి పాత ఆహ్వానం చూసి తయారై కూర్చోకుండా, ఆ వరుసలో చివరి మెయిల్‌ను తెరిచి సమయం సరిచూసుకోవాలి.

ఫిల్టర్లు ఎంత జాగ్రత్తగా రాసినా ఒక పని మాత్రం చేయలేవు. లేబుల్ మెయిల్‌కు పడుతుంది. మనకు తెలియాల్సింది దరఖాస్తు సంగతి. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ఇంజినీర్ ఒకే కంపెనీలో రెండు ఉద్యోగాలకు ప్రయత్నించాడనుకుందాం. మొదటిదానికి పోర్టల్‌లో అప్లై చేస్తే వారంలో తిరస్కరణ వచ్చింది. రెండోదానికి హెచ్ఆర్ నుంచే ఫోన్ వచ్చి, మొదటి రౌండ్ అయిపోయాక, మీ వివరాలు పోర్టల్‌లోనూ నమోదు చేయండి అన్నారు. చేయగానే రసీదు వచ్చింది. పంపిన చిరునామా రెండింటికీ ఒకటే. మెయిళ్లనే నమ్ముకుంటే రెండో ఉద్యోగం వెనక్కి, 'అప్లై' దశలోకి పోయినట్టు కనిపిస్తుంది. లేదా కంపెనీ పేరు చూసి రెండూ పోయాయనుకుంటాడు.

ఇక్కడ అక్కరకొచ్చేది షీటు. దరఖాస్తుకు ఒక వరుస, అందులో జాబ్ ఐడీ, దశ, చివరి మెయిల్ తేదీ, తర్వాత చేయాల్సిన పని ఉంటే చాలు. కంపెనీ పేరుతో కాకుండా జాబ్ ఐడీతో పోల్చుకుంటే రెండు ఉద్యోగాలూ కలిసిపోవు. ఇంటర్వ్యూ దాకా వచ్చిన వరుసను, తర్వాత వచ్చిన రసీదు చూసి వెనక్కి జరపకూడదు. మెయిలే రాని కంపెనీల సంగతీ ఇక్కడే తేలుతుంది. మౌనానికి ఫిల్టర్ రాయలేం. చివరి తేదీ ఇ కాలమ్‌లో ఉంటే, పక్క గడిలో ఈ సూత్రం రాసి, ఆ గడిని సంఖ్యగా చూపించమంటే మెయిల్ వచ్చి ఎన్ని రోజులైందో చెబుతుంది:

```
=TODAY()-E2
```

ఇంటర్వ్యూ అయ్యాక పది రోజులు దాటితే హెచ్ఆర్‌కు రెండు వాక్యాలు రాయడంలో మొహమాటం అక్కర్లేదు. ఉత్త రసీదు దగ్గరే నెల గడిస్తే మాత్రం ఆ వరుస మీద ఆశ పెట్టుకోకుండా ముందుకు సాగడమే నయం.

ఇక 'ఆఫర్' లేబుల్‌ను ఫిల్టర్‌కు అస్సలు అప్పగించకూడదు. ప్రకటనల్లో ఆ మాట అడుగడుగునా ఉంటుంది, మోసగాళ్లూ దాన్నే వాడతారు. డిపాజిట్ కట్టమన్నా, లాప్‌టాప్‌కు ముందే డబ్బు పంపమన్నా అది ఆఫర్ కాదు. క్యాంపస్ నియామకాల్లో వచ్చే లెటర్ ఆఫ్ ఇంటెంట్‌నూ ఆ దశలో వేయకుండా ఉంటే మంచిది, అందులో చేరే తేదీ చాలాసార్లు ఉండదు. జీతం, చేరే తేదీ, జవాబు చెప్పాల్సిన గడువు కాగితం మీద చదివాకే ఆ వరుసలో 'ఆఫర్' అని మన చేత్తో రాసుకోవాలి. అంతవరకూ మిగతా వరుసలను మూసేయకూడదు.