లైక్ కొట్టలేని వార్త ఎటు పోతుంది?

సెమినార్‌లో ‘ఫిల్టర్ బబుల్’ గురించి పది నిమిషాలు మాట్లాడాలంటే చాలామంది నిర్వచనంతో మొదలుపెడతారు. సగం సమయం దానికే పోతుంది. మేం మాత్రం ఒక హత్యతో మొదలుపెట్టమంటాం. ఆ హత్య వార్త ఫీడ్‌లో ఎందుకు కనిపించలేదో చెబితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

మొదటి రెండు నిమిషాలు: ఫెర్గూసన్

2014 ఆగస్టు 9న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని ఒక తెల్లజాతి పోలీసు అధికారి కాల్చి చంపాడు. అతని చేతిలో ఆయుధం లేదు. జనం వీధుల్లోకి వచ్చారు, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ట్విట్టర్ నిండా అదే వార్త. అదే సమయంలో ఫేస్‌బుక్ తెరిస్తే నెత్తిన ఐసు నీళ్లు పోసుకునే ‘ఐస్ బకెట్ ఛాలెంజ్’ వీడియోలు.

సామాజిక శాస్త్రవేత్త జేనెప్ తుఫెక్చీ ఈ తేడాను గమనించారు. తన మిత్రులకు ఫెర్గూసన్ పట్టలేదా అని అనుమానం వచ్చి, ఫేస్‌బుక్ ఫీడ్‌ను కాలక్రమంలో చూశారు. మిత్రులు దాని గురించే రాస్తున్నారు. ఆ రాతలు ఆమె దాకా రాలేదు, అంతే.

తర్వాతి మూడు నిమిషాలు: లెక్క

ఇక్కడ బోర్డు వాడండి. అప్పటి ట్విట్టర్ ప్రధానంగా కాలక్రమంలో నడిచేది. ఫేస్‌బుక్ అలా కాదు. ఒక మనిషి ఒక్కసారి తెరిచినప్పుడు సగటున 1,500 పోస్టులు చూపడానికి సిద్ధంగా ఉంటాయని 2013లో ఆ సంస్థే చెప్పింది. అన్నీ చూపలేదు కాబట్టి, దేనికి ఎక్కువ స్పందన వస్తుందో అంచనా వేసి దాన్ని పైకి తెస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ రాయండి. రెండు పోస్టులను చెరో వందమందికి చూపారనుకుందాం. ఐసు నీళ్ల వీడియోకు 40 మంది లైక్ కొట్టారు. హత్య వార్తను 60 మంది చివరిదాకా చదివారు, కానీ లైక్ కొట్టింది ఐదుగురే. చావు వార్తకు లైక్ ఎలా కొడతారు? మౌనంగా చదివిన ఆ 60 మంది లెక్కలోకి రాకపోతే, తర్వాతి విడతలో వీడియో వేలమందికి వెళ్తుంది, వార్త అక్కడే ఆగిపోతుంది. ఎవరూ దాన్ని తొలగించలేదు, నిషేధించలేదు. పోస్టుపై వెచ్చించిన సమయాన్ని కూడా పరిగణిస్తామని ఫేస్‌బుక్ ప్రకటించింది 2015లో.

ఆ తర్వాత రెండు నిమిషాలు: కోపం బొమ్మ

‘అయితే లైక్ కాక వేరే బటన్లు ఇస్తే సరిపోతుందిగా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. 2016లో విచారం, కోపం వంటి బొమ్మలు వచ్చాయి. 2017 నుంచి ఒక్కో బొమ్మకు లైక్ కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చారని తర్వాత బయటపడ్డ సంస్థ అంతర్గత పత్రాలు చెప్పాయి. అన్యాయంపై కోపానికీ, అణగారినవాళ్లపై ద్వేషంతో వచ్చే కోపానికీ ఆ లెక్కలో తేడా లేదు. రెచ్చగొట్టే పోస్టులూ పైకి లేచాయి. చివరికి 2020లో కోపం బొమ్మ విలువను సున్నా చేశారు.

మరో రెండు నిమిషాలు: పరిమితులు

‘ఫిల్టర్ బబుల్’ అన్న మాటను 2011లో ఎలై పరైజర్ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. మన అభిరుచులనే మనకు తిప్పి చూపే గది అని ఆయన భావం. దీన్ని అతిగా చెప్పకండి. 2015లో ఫేస్‌బుక్ పరిశోధకులే చేసిన అధ్యయనంలో, భిన్నాభిప్రాయ వార్తలను అల్గారిథమ్ కొంత తగ్గించినా, మనం ఎంచుకునే మిత్రులూ మన క్లిక్కులూ అంతకంటే ఎక్కువ తగ్గిస్తున్నాయని తేలింది. కాలక్రమం కూడా సర్వరోగ నివారిణి కాదు. 2020 అమెరికా ఎన్నికలప్పుడు కొందరికి మూడు నెలలు కాలక్రమ ఫీడ్ ఇచ్చి చూస్తే, నమ్మదగని వార్తలు పెరిగాయి, రాజకీయ వైఖరుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

అయితే ఫెర్గూసన్ అడిగే ప్రశ్న వేరు: ఒక ఘటన జరిగిందన్న సంగతే మనకు చేరిందా?

చివరి నిమిషం: మీ ఫోన్

ఫేస్‌బుక్ మెనూలో Feeds తెరిస్తే పోస్టులు కాలక్రమంలో వస్తాయి. అందులో మొదటి ఇరవై, మామూలు ఫీడ్‌లో మొదటి ఇరవై ముందురోజే రాసుకొని పక్కపక్కన చూపండి. దళితులపై దాడి వార్త ఒక జాబితాలో ఉండి రెండోదాంట్లో లేకపోతే అంతటితో అల్గారిథమ్ దోషం రుజువైనట్టు కాదు, కానీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. రెండింటిలోనూ లేకపోతే లోపం మరోచోట ఉంది: ఆ వార్త రాసేవాళ్లెవరూ మీ మిత్రుల జాబితాలో లేరేమో చూసుకోండి.