సిఫారసు అడగడానికీ ఒక పద్ధతి ఉంది

సిఫారసు అనే మాట వినగానే మనలో చాలామందికి బిడియం కలుగుతుంది. అర్హత లేనివాడు పెద్దల చీటీ పట్టుకుని లోపలికి పోవడమే సిఫారసు అని మనం అనుకుంటూ వచ్చాం. కాని నేటి ప్రైవేటు కంపెనీలలో ‘రెఫరల్’ అనే మాటకు అర్థం వేరు. అక్కడ పనిచేసే ఉద్యోగి, ఫలానా ఖాళీకి ఫలానా వ్యక్తి తగినవాడు కావచ్చునని కంపెనీ ఫారంలో తన పేరు మీద తెలియజేస్తాడు. ఆ తర్వాత పరీక్ష, ఇంటర్వ్యూ అందరితోపాటు జరగవలసిందే. వచ్చిపడిన దరఖాస్తుల కుప్పలో ఒకదాన్ని ఎవరైనా తెరిచి చదివే అవకాశం పెరుగుతుంది. దాని వల్ల లాభం అంతే, కాని అది చిన్న లాభం కాదు.

మా ఇబ్రహీంపట్నం పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. పక్కనే ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే టాటా బోయింగ్ కర్మాగారం 2018లో అక్కడే ప్రారంభమైంది. ఇలాంటి చోట్ల మన పాత విద్యార్థులు ఉంటారు. వారిని ఎలా అడగాలన్నదే తెలియక మన యువకులు వెనకబడుతున్నారు. అడగడం నాకూ తెలియదని గత ఏడాది నాకు అర్థమైంది.

నా పొరపాటు

మా బడిలో చదివిన ఒక అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో భాగాల నాణ్యత తనిఖీ చేసేవాడు. తండ్రి దర్జీ. కళ్ళు మందగించి మిషన్ మీద కూర్చోలేని స్థితికి వచ్చాడు. ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఈ అబ్బాయి జీతం మీదే నడుస్తోంది. అతనికంటే ఆరేళ్ళ ముందు మా దగ్గరే చదివిన మరో శిష్యుడు ఆదిభట్లలో ఒక కంపెనీలో ఉన్నాడు. అబ్బాయి అతనికి వాట్సాప్‌లో “భాయ్, మీ కంపెనీలో ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి” అని రాసి, రెజ్యూమె పంపాడు. పన్నెండు రోజులైనా జవాబు లేదు.

నాకు కోపం వచ్చింది. నేనే ఫోన్ చేసి, “మనవాడు, కాస్త చూడు బేటా” అన్నాను. అతను “అలాగే సాబ్” అన్నాడు. మళ్ళీ మౌనం. జుమా నమాజ్ తర్వాత ఒకరోజు మసీదు బయట కలిసినప్పుడు తల వంచుకుని నాతో అన్న మాటలు ఇవి: “సాబ్, మీ మాట కాదనలేక అవునన్నాను. కాని నేనేం చేయాలి? ఏ ఉద్యోగమో తెలియదు. మా వెబ్‌సైట్‌లో ఉన్న ఖాళీలన్నీ నేనే వెతికి, అతనికి ఏది సరిపోతుందో నేనే తేల్చి, అప్పుడు ఫారం నింపాలి. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది.”

నా తప్పు అప్పుడు తెలిసింది. పని చేయవలసింది అబ్బాయి, బరువు పెట్టింది సీనియర్ మీద. పైగా ఉస్తాద్ హోదాతో నేను మరో బరువు వేశాను. “ఆ ఫారంలో ఏం అడుగుతారు?” అని అడిగాను. జాబ్ ఐడీ, అభ్యర్థి పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు, రెజ్యూమె, ఇతను మీకెలా తెలుసు, ఎందుకు తగినవాడు. ఇవన్నీ చేతిలో ఉంటే ఐదు నిమిషాల పని అన్నాడు.

రెండో ఉత్తరం

అబ్బాయిని కూర్చోబెట్టి, కంపెనీ వెబ్‌సైట్‌లోని ఖాళీలు చూడమన్నాను. ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం కనిపించింది. అప్పుడు అతను ఇలా రాశాడు:

“అస్సలాము అలైకుం భాయ్. నేను మన బడిలోనే చదివాను, మీకంటే ఆరేళ్ళు చిన్నవాణ్ణి. మనం కలిసి పనిచేయలేదు. మొదట వివరాలు లేకుండా అడిగినందుకు మన్నించండి. మీ దగ్గర క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఖాళీ ఉంది. జాబ్ ఐడీ, లింకు కింద ఇచ్చాను. చివరి తేదీ 24. నేను ఇంకా సొంతంగా దరఖాస్తు పెట్టలేదు. వాళ్ళు డిప్లొమా, రెండేళ్ళ అనుభవం, సీఎంఎం మీద పని అడిగారు. నాకు డిప్లొమా, మూడేళ్ళ తనిఖీ అనుభవం, సీఎంఎం మీద ఏడాదిన్నర పని ఉన్నాయి. విమాన భాగాల అనుభవం మాత్రం లేదు. రెజ్యూమె పీడీఎఫ్, ఈమెయిల్, ఫోన్ నంబరు ఇందులోనే ఉన్నాయి. వీలైతే రెఫర్ చేయండి. కుదరదన్నా ఏమీ అనుకోను. 20 వరకు చూసి నేనే దరఖాస్తు పెట్టుకుంటాను.”

సీఎంఎం అంటే లోహపు భాగాల కొలతలను అతి సూక్ష్మంగా తీసే యంత్రం. ఈ ఉత్తరంలో ప్రతి వాక్యం ఫారంలోని ఒక గడిని నింపుతుంది. సీనియర్ వెతకవలసింది లేదు, కాపీ చేసి అతికించడమే. అతను మర్నాడు భోజన విరామంలో ఆ పని ముగించాడు.

మూడు మాటలు విడిగా చెప్పాలి. మొదటిది, “ఇంకా దరఖాస్తు పెట్టలేదు” అన్నది. చాలా కంపెనీలలో అభ్యర్థి ముందే సొంతంగా దరఖాస్తు పెడితే, అతని పేరు కంప్యూటర్‌లో చేరిపోతుంది. తర్వాత వచ్చిన రెఫరల్‌ను లెక్కలోకి తీసుకోరు. అందుకే ముందు అడగాలి. గడువు దాటిపోకుండా ఒక తేదీ పెట్టుకుని, ఆ తర్వాత సొంతంగా పంపాలి.

రెండవది, “కలిసి పనిచేయలేదు” అన్నది. సీనియర్ పేరు మన చేతిలో అమానత్. ఇతని పని నేను చూశాను అని అతనిచేత రాయించకూడదు. ఒకే బడి, వేరు బ్యాచ్, రెజ్యూమె చూశాను అని అతను నిజం రాస్తే చాలు. లేని అనుభవం ఇంటర్వ్యూలో బయటపడితే పోయేది అతని మాట విలువ. ఆ తర్వాత మన ఊరి మరో పిల్లవాడికి ఆ తలుపు తెరుచుకోదు.

మూడవది, “కుదరదన్నా ఏమీ అనుకోను” అన్నది. కాదనే దారి ఉన్నప్పుడే మనిషి త్వరగా జవాబిస్తాడు. దారి మూస్తే నాకు జరిగినట్టే “అలాగే” అని మౌనం వహిస్తాడు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అంతకు మించి అడగరాదు. ఫారం పంపాక దరఖాస్తు ఏమైందో రెఫర్ చేసినవాడికి కూడా పెద్దగా తెలియదు.

హద్దులూ తెలియాలి

రెఫరల్ ఎక్కువగా అనుభవం ఉన్నవారికి పనికొస్తుంది. చదువు అప్పుడే ముగిసినవారిని చాలా కంపెనీలు కాలేజీ ఎంపికలు, రాత పరీక్షల ద్వారానే తీసుకుంటాయి. అలాంటి పిల్లలు సీనియర్‌ను ఉద్యోగం అడిగే బదులు, పరీక్ష ఎప్పుడు, ఎలా పెడతారో అడగడం మంచిది. ఇక రెఫరల్‌కు రుసుం ఉండదు. కొన్ని కంపెనీలు రెఫర్ చేసిన ఉద్యోగికి తామే బహుమానం ఇస్తాయి. మన దగ్గర డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే మోసగాడని గ్రహించాలి.

అబ్బాయికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. విమాన భాగాల అనుభవం ఉన్న మరొకరిని తీసుకున్నారు. ఆ రాత్రే అతను సీనియర్‌కు జరిగింది జరిగినట్టు రాసి, డ్రాయింగ్ చదవడంలో తాను ఎక్కడ తడబడ్డాడో చెప్పి, శుక్రియా తెలిపాడు. నాలుగు నెలల తర్వాత మరో ఖాళీ పడింది. ఈసారి జాబ్ ఐడీ సీనియరే పంపాడు. కింద ఒక్క మాట రాశాడు: “ఇంకా దరఖాస్తు పెట్టలేదు కదా?”