రెండు షేర్ల మధ్య తేడా మీద వ్యాపారం

2024 జనవరి 16 సాయంత్రం హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మూడో త్రైమాసిక ఫలితాలు వచ్చాయి. మర్నాడు ఆ షేరు 8 శాతానికి పైగా పడి, సుమారు 1,679 రూపాయల నుంచి 1,537కి దిగింది. పోటీలో ఉన్న ఐసీఐసీఐ బ్యాంకు షేరు మాత్రం వెయ్యి రూపాయల చుట్టుపక్కలే నిలబడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే ట్రేడర్లకు ఆ రోజు ఒక ప్రశ్న ఎదురైంది. ఇన్నాళ్లూ కాస్త అటూఇటూగా కలిసి నడిచిన రెండు షేర్లలో ఒకటి ఇంతగా వెనకబడితే, మళ్లీ వచ్చి అందుకుంటుందా?

అందుకుంటుందని నమ్మినవాళ్లు వెనకబడిన షేరు కొంటారు, ముందున్న షేరును అమ్ముతారు. మార్కెట్ పైకి వెళ్తుందా, కిందికి వస్తుందా అన్న లెక్క వాళ్లకు అక్కర్లేదు. రెండింటి మధ్య తేడా తగ్గితే చాలు. దీన్నే పెయిర్ ట్రేడింగ్ అంటారు. 1980ల నడుమ న్యూయార్క్‌లోని మోర్గాన్ స్టాన్లీ సంస్థలో ఇది పద్ధతిగా రూపుదిద్దుకుంది. చూడ్డానికి తేలికైన ఉపాయమే. కానీ ఇందులో ఎప్పుడు దిగాలో చార్టు చెబుతుంది. ఎప్పుడు బయటపడాలో మాత్రం మనం ముందే రాసిపెట్టుకోవాలి. చాలామంది నష్టపోయేది ఈ రెండో చోటే.

చార్టులో ఏం చూస్తాం?

ఒక షేరు ధరను రెండో షేరు ధరతో భాగిస్తే వచ్చే అంకెను నిష్పత్తి అంటాం. రోజూ ముగింపు ధరలతో ఈ నిష్పత్తిని గీస్తే అదే స్ప్రెడ్ చార్టు. ట్రేడింగ్‌వ్యూ లాంటి సైట్లలో NSE:HDFCBANK/NSE:ICICIBANK అని టైప్ చేస్తే ఇలాంటి గీత కనిపిస్తుంది. గత 200 రోజుల నిష్పత్తులకు సగటు కట్టి, ఆ సగటు నుంచి అవి మామూలుగా ఎంత దూరం ఊగుతాయో లెక్కవేస్తారు. ఆ ఊగుడు కొలతే ప్రామాణిక విచలనం. నేటి నిష్పత్తి సగటుకు ఎన్ని విచలనాల దూరంలో ఉందో చెప్పేది జెడ్ స్కోరు.

ఈ లెక్కకు అర్థం ఉండాలంటే ఆ రెండు షేర్లకూ నిజమైన బంధం ఉండాలి. ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి కాస్త ముందుకు లాగినా కాడి దాన్ని వెనక్కి తెస్తుంది. ఒకే వ్యాపారం, ఒకే తరహా ఖాతాదారులు, ఒకే వడ్డీరేట్ల ప్రభావం, ఇవే ఆ కాడి. రెండు షేర్లూ రోజూ ఒకే దిశలో కదిలినంత మాత్రాన అది ఉన్నట్టు కాదు. రెండూ ఏడాదంతా కలిసే పెరగొచ్చు, కానీ ఒకటి 40 శాతం, రెండోది 10 శాతం పెరిగితే తేడా పెరుగుతూనే పోతుంది. అందుకే చార్టులో చూడాల్సింది గీత ఎన్నిసార్లు సగటు దాటి దూరం వెళ్లి తిరిగొచ్చిందో, రావడానికి ఎన్ని రోజులు పట్టిందో. రెండేళ్లలో ఒక్కసారి మాత్రమే తిరిగొచ్చిన గీతను నమ్మి డబ్బు పెట్టడం తొందరపాటు.

ఒక లావాదేవీ, మొదటి నుంచి చివరి దాకా

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఊహించిన ధరలు తీసుకుందాం. ‘అ’ షేరుకూ ‘ఆ’ షేరుకూ మధ్య నిష్పత్తి సగటున 1.60, విచలనం 0.04. ఈ రోజు ‘అ’ ధర 1,700, ‘ఆ’ ధర 1,000. నిష్పత్తి 1.70. అంటే సగటు కంటే 0.10 ఎక్కువ, దాన్ని 0.04తో భాగిస్తే జెడ్ స్కోరు 2.5. మన నియమం ప్రకారం 2.5 దగ్గర దిగాలి. ‘అ’ను అమ్మి ‘ఆ’ను కొంటాం.

మన దేశంలో చేతిలో లేని షేరును నగదు మార్కెట్లో అమ్మితే సాధారణంగా ఆ రోజే తిరిగి కొనెయ్యాలి. కాబట్టి రోజుల తరబడి అమ్మకం పొజిషన్ పట్టుకోవడానికి ఫ్యూచర్స్ వాడతారు. అక్కడ లాట్ల లెక్క వస్తుంది. ‘అ’ లాట్ 500 షేర్లు, ‘ఆ’ లాట్ 800 అనుకుందాం. అమ్మినది 8,50,000 రూపాయల విలువ, కొన్నది 8,00,000. రెండు వైపులా సమానంగా ఉండాలన్నది ఆదర్శం, కానీ 50,000 తేడా మిగిలింది. ఈ మాత్రం సర్దుకోవచ్చు. ఒక వైపు రెండో వైపుకు ఒకటిన్నర రెట్లు అయితే మాత్రం అది జోడీ వ్యాపారం అనిపించుకోదు, మార్కెట్ మీద పందెం అవుతుంది.

బయటపడే నియమం: జెడ్ స్కోరు 0.5కు దిగితే, అంటే నిష్పత్తి 1.62కు వస్తే, లాభం తీసుకోవాలి. సగటును తాకే దాకా ఆగితే చివరి కొసరు కోసం ఎన్నో రోజులు కాచుకోవాల్సి రావచ్చు.

కొన్ని రోజులకు ‘అ’ 1,660కి దిగి, ‘ఆ’ 1,025కి పెరిగిందనుకుందాం. అమ్మినదాని మీద 20,000, కొన్నదాని మీద 20,000, మొత్తం 40,000 లాభం. అదే మార్కెట్ మొత్తం పెరిగి ‘అ’ 1,740, ‘ఆ’ 1,075 అయితే? అమ్మినదాని మీద 20,000 పోయింది, కొన్నదాని మీద 60,000 వచ్చింది. మళ్లీ 40,000. మార్కెట్ పడి ‘అ’ 1,570, ‘ఆ’ 970 అయినా మిగిలేది 41,000. మూడు సందర్భాల్లోనూ నిష్పత్తి దాదాపు 1.62 కాబట్టి ఫలితం దాదాపు ఒకటే. ఈ పద్ధతి ఆకర్షణ అంతా ఇందులోనే ఉంది. అయితే ఒక్క వ్యవహారంలో నాలుగు ఆర్డర్లు పడతాయి. బ్రోకరేజీ, పన్నులు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య పోయే పైసలు నాలుగుసార్లు కట్టాలి. అందుకే జెడ్ స్కోరు 1 దగ్గర దిగితే వచ్చే చిన్న లాభంలో చాలాభాగం ఖర్చులకే పోతుంది.

తేడా తగ్గకపోతే?

దీనికి రెండు తలుపులు ముందే పెట్టుకోవాలి. మొదటిది నష్టానికి హద్దు. జెడ్ స్కోరు 3.5 దాటితే, మన ఉదాహరణలో నిష్పత్తి 1.74 అయితే, రెండు వైపులా మూసేయాలి. ‘ఆ’ కదలకుండా ‘అ’ 1,740కి పోతే నష్టం 20,000.

రెండోది కాలానికి హద్దు. పాత చార్టులో ఈ జోడీ తిరిగి రావడానికి మామూలుగా పది రోజులు పడుతుంటే, ఇరవై రోజులైనా రాకపోతే లాభనష్టాలతో పని లేకుండా బయటికి రావాలి. ఆలస్యమే ఏదో మారిందనడానికి గుర్తు. పైగా ఫ్యూచర్స్ కాంట్రాక్టులకు నెలాఖరు గడువు ఉంటుంది. మరో నెలకు మార్చుకోవాలంటే మళ్లీ ఖర్చు. మూయకుండా గడువు దాటనిస్తే షేర్లనే ఇవ్వాలి, పుచ్చుకోవాలి.

ఇక్కడ కొత్తవాళ్లు గమనించని చిక్కు ఒకటుంది. 200 రోజుల సగటును రోజూ కొత్తగా లెక్కిస్తుంటే, సాగిన నిష్పత్తి అక్కడే ఉండిపోయినా సగటే మెల్లగా దాని దగ్గరికి జరుగుతుంది. జెడ్ స్కోరు సున్నాకు చేరి, అంతా సర్దుకున్నట్టు కనిపిస్తుంది. ఖాతాలో మాత్రం లాభం ఉండదు. అందుకే దిగిన రోజున ఉన్న సగటునూ విచలనాన్నీ కాగితం మీద రాసుకుని, ఆ లావాదేవీ ముగిసేదాకా వాటితోనే కొలవాలి.

హద్దు కాపాడలేని సందర్భం

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు విషయానికి వద్దాం. జనవరి 17 ధరకు దాన్ని కొని, ఐసీఐసీఐని అమ్మినవారికి ఏమైంది? ఫిబ్రవరి నడిమికల్లా హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 1,400 కంటే కిందికి పోయింది. ఐసీఐసీఐ వెయ్యికి పైనే ఉంది. ఫలితాలకు ముందు 1.7 దగ్గరున్న నిష్పత్తి 1.4 లోపుకు వచ్చింది. తర్వాతి నెలల్లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కోలుకున్నా ఐసీఐసీఐ కూడా పెరుగుతూ పోవడంతో ఆ ఏడాది పాత నిష్పత్తి తిరిగి రాలేదు.

కారణం చార్టు బయట ఉంది. 2023 జూలై 1న హెచ్‌డీఎఫ్‌సీ గృహరుణ సంస్థ ఈ బ్యాంకులో విలీనమైంది. ఆ సంస్థ ఇచ్చిన భారీ రుణాలూ, వాటికోసం తెచ్చిన అప్పులూ బ్యాంకు లెక్కల్లోకి వచ్చాయి. డిపాజిట్ల కంటే రుణాలు ఎక్కువయ్యాయి, వడ్డీ మీద మిగులు తగ్గింది. చార్టు గీసిన పాత సగటు విలీనానికి ముందున్న బ్యాంకుది. పేరు అదే, వ్యాపారం మారింది. మామూలు అమ్మకాల ఒత్తిడి వల్ల సాగిన తేడా తిరిగి రావచ్చు. ఫలితాలు, విలీనం, నియంత్రణ సంస్థ ఆంక్ష లాంటి వార్త వల్ల సాగితే అదే కొత్త సగటు కావచ్చు. అందుకే అనుభవజ్ఞులు రెండింటిలో ఏ కంపెనీకి ఫలితాల తేదీ దగ్గరపడినా కొత్తగా దిగరు, ఉన్నదాన్ని మూసేస్తారు. రాత్రి వచ్చిన వార్తకు స్టాప్‌లాస్ అడ్డుపడలేదు. మన ఉదాహరణలో ‘అ’ ఒక్కసారిగా 8 శాతం ఎగిరి 1,836 దగ్గర తెరుచుకుంటే, 20,000 అనుకున్న నష్టం 68,000 అవుతుంది.

కొన్నిసార్లు కంపెనీలో ఏమీ మారకుండానే గీత తెగిపోతుంది. 2025 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. పాత ధరలను సవరించని చార్టులో నిష్పత్తి ఒక్కరోజులో సగమైనట్టు కనిపిస్తుంది. జెడ్ స్కోరు విపరీతంగా ఉంటే ముందు ఇలాంటి కారణం ఉందేమో చూడాలి.

బంధం నిజమైనా సరిపోదు

రాయల్ డచ్, షెల్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల మధ్య లాభాలను 60, 40 పాళ్లలో పంచుకోవాలన్న ఒప్పందం 1907 నుంచీ ఉంది. అయినా మార్కెట్లో రెండు షేర్ల విలువలు ఆ పాళ్లకు కట్టుబడలేదు. 1990ల చివర అమెరికాలోని ఎల్‌టీసీఎం అనే ఫండ్ ఆ తేడా తగ్గుతుందని పెద్ద మొత్తంలో పందెం కాసింది. తేడా ఇంకా పెరిగింది. 1998లో ఇతర చోట్ల దెబ్బ తిని, అప్పు మీద నడిచే ఆ ఫండ్ నష్టానికే తెగనమ్ముకోవాల్సి వచ్చింది. 2005లో ఆ రెండు కంపెనీలూ ఒక్కటయ్యాయి కాబట్టి తేడా ప్రశ్నే పోయింది. అంచనా తప్పు కాలేదు, అప్పటిదాకా నిలబడే డబ్బు లేకపోయింది.

ఫ్యూచర్స్ కూడా మార్జిన్ మీద నడిచేవే. తేడా పెరిగిన ప్రతి రోజూ ఖాతా నుంచి డబ్బు కడుతూ ఉండాలి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం చెప్పింది. జోడీ వ్యాపారం కూడా ఆ మైదానంలోనే జరుగుతుంది. కాబట్టి ముందు కొన్ని నెలలు కాగితం మీదే చేసి చూడండి. దిగే అంకె, లాభం తీసుకునే అంకె, నష్టానికి హద్దు, గడువు, రెండు కంపెనీల ఫలితాల తేదీలు, ఈ అయిదూ రాసుకోకుండా మొదటి ఆర్డరు వేయకండి.