ప్రాస్పెక్టస్‌లో సీబీఎస్ఈ ఉంది, బడిలో ఉందా?

ఎండాకాలం సెలవుల్లో ముదిగుబ్బలో బడుల ప్రచారం మొదలైతే చాలు, ఒక మాట ఇంటింటికీ తిరుగుతుంది: "స్టేట్ సిలబస్‌లో చదివితే ఐఐటీ రాదంట, సీబీఎస్ఈలోనే వేయాలంట." ఆ ‘అంట’ను నమ్మి, ఉన్నచోట బాగానే చదువుతున్న పిల్లల్ని ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మాన్పించి, తెల్లారగానే ధర్మవరం బస్సో కదిరి బస్సో ఎక్కిస్తున్నారు. ఇంతా చేసి వాళ్ల చేతిలో ఉన్న ఆధారం రంగుల కాగితం మీది మూడు ముక్కలు.

మొదట ఐఐటీ సంగతి. జేఈఈ రాయడానికి పదో తరగతి ఏ బోర్డులో చదివావని ఎవరూ అడ్డుపెట్టరు. పన్నెండో తరగతి గుర్తింపు ఉన్న ఏ బోర్డుదైనా సరిపోతుంది, మన ఇంటర్మీడియట్‌తో సహా. ఇక పుస్తకాల తేడా అంటారా? 2024-25 నుంచి మన రాష్ట్రం పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్సే తెచ్చింది. 2025 మార్చిలో మన పిల్లలు లెక్కలు, సైన్సు, సోషల్ రాసింది దాని మీదే. భాషల పుస్తకాలు వేరు, పరీక్ష తీరు వేరు. సీబీఎస్ఈలో రాతపరీక్షకు 80, బడిలో వేసే మార్కులు 20. మన దగ్గర మొత్తం 100 రాతపరీక్షకే. ఈ తేడా కోసం రోజుకు రెండు గంటలు బస్సులో కూర్చోబెట్టాలా అన్నది మీరే తేల్చుకోండి.

అసలు మోసం ఇంకోచోట ఉంది. రెండు ప్రాస్పెక్టస్‌లు పక్కపక్కన పెట్టుకున్నారనుకుందాం. మొదటిదాంట్లో ‘సీబీఎస్ఈ కరిక్యులం’, ‘సీబీఎస్ఈ ప్యాటర్న్’, ‘ఐఐటీ ఫౌండేషన్’ అని పెద్దక్షరాలు. రెండోదాంట్లో ‘రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు, 1 నుంచి 10 వరకు’ అని చిన్న గీత. చాలామంది మొదటిదానికే పడిపోతారు. కానీ ప్యాటర్న్ అంటే అనుబంధం కాదు! ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరైనా చెప్పుకోవచ్చు. బోర్డు అనుబంధం ఉన్న బడికి ఒక అనుబంధ సంఖ్య ఉంటుంది, ఎన్నో తరగతి వరకు ఇచ్చారు, ఏ సంవత్సరం దాకా అన్న లెక్క ఉంటుంది. ఆ సంఖ్య కాగితం మీద లేకపోతే అడగండి. చెబితే saras.cbse.gov.in లో సరిచూడండి. శ్రీ సత్యసాయి జిల్లా 2022లో ఏర్పడింది కాబట్టి, కొత్త జిల్లా కింద బడి కనపడకపోతే అనంతపురం కింద కూడా వెతకండి.

"వచ్చే ఏడాది వస్తుంది, అప్లై చేశాం" అన్నారా? వచ్చినప్పుడు చూద్దాం అనండి. సీబీఎస్ఈలో పది రాయాలంటే తొమ్మిదిలోనే బోర్డు దగ్గర పేరు నమోదు కావాలి. అనుబంధం లేని బడి మీ పిల్లవాడి పేరును వేరే బడి ఖాతాలో పెడుతుంది, లేదా చివరికి స్టేట్ పరీక్షే రాయిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. నిరుడు అక్కడ పది పాసైన పిల్లవాడి మార్కుల మెమో చూపించమనండి. పైన ఏ బోర్డు పేరుంది, లోపల ఏ బడి పేరుంది అన్నవే చూడండి. స్టేట్ బడికీ ఇదే పరీక్ష. గుర్తింపు ఏడు వరకే ఉండి పది దాకా నడిపే చోట మెమోలో ఇంకో బడి పేరు కనపడుతుంది.

నిజమైన అనుబంధం కూడా శాశ్వతం కాదు. రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలోకి తీసుకెళ్లి, 2024-25లో పదో తరగతి పిల్లల్ని మళ్లీ స్టేట్ పరీక్షకే మళ్లించారు. అందుకే "మా పిల్లవాడి బ్యాచ్ ఏ బోర్డు రాస్తుంది?" అని సూటిగా అడగండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. హిందూపురం, పెనుకొండ వైపు నుంచి బెంగళూరుకు బతుకుతెరువు కోసం వెళ్లే కుటుంబాలకు నిజమైన సీబీఎస్ఈ బడి పనికొస్తుంది. మధ్యలో ఊరు మారితే పుస్తకాలు, పరీక్షలు మారవు.

మిగతావి క్లుప్తంగా. ‘నూటికి నూరు శాతం ఫలితాలు’: ఎంతమంది రాస్తే? ఏసీ గదులు: కరెంటు పోనంతవరకు. ‘ఒలింపియాడ్ శిక్షణ’: ఎవరు చెబుతారో పేరు అడగండి. ప్రైవేటులో వేస్తే తల్లికి వందనం రాదన్నది: అబద్ధం.

ఫీజు పోల్చేటప్పుడు ముందు పేజీలోని అంకెను నమ్మకండి. ఒకరు ట్యూషన్ ఫీజు 22,000 అంటారు, ఇంకొకరు అన్నీ కలిపి 34,000 అంటారు అనుకోండి. మొదటివారి దగ్గర బస్సు 9,000, పుస్తకాలు 5,000, యూనిఫాం 2,500 కలిపితే 38,500. తక్కువ అనుకున్నదే నాలుగున్నర వేలు ఎక్కువ. ఈ లెక్కంతా ప్రాస్పెక్టస్ వెనక అట్ట మీదే రాసి, ఆఫీసులో కూర్చున్నవారితో సంతకం పెట్టించుకోండి. రసీదు ఏ పేరుతో ఇస్తారో కూడా అప్పుడే చూసుకోండి. అది బడి పేరుతో కాకుండా ట్రస్టు పేరుతోనో పుస్తకాల అంగడి పేరుతోనో ఉంటే, అడ్వాన్సు కట్టకముందే కారణం అడగండి.